కేరళ తీరంలో మునిగిన ఓడకు లైబీరియా జెండా ఎందుకుంది?

2025 మే 24న విళింజం పోర్టు నుంచి కొచ్చికి వెళ్తున్న ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే కంటైనర్ ఓడ ఒక పక్కకు ఒరిగిపోయింది. మర్నాడు పొద్దున మునిగిపోయింది. ఓడలో ఉన్న 24 మందినీ కోస్ట్ గార్డ్, నేవీ కలిసి కాపాడాయి. మునిగేటప్పుడు ఓడ మీద ఉన్నవి 640 కంటైనర్లు. వాటిలో 13 ప్రమాదకరమైన సరుకువి. ఆ తర్వాత వారాల తరబడి కేరళ తీరానికి ప్లాస్టిక్ గుళికలు కొట్టుకొస్తూనే ఉన్నాయి, మత్స్యకారుల వేట ఆగింది.

ఆ ఓడ ఎవరిది అన్న ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు దొరకదు. నడిపేది జెనీవాలో హెడ్డాఫీసు ఉన్న షిప్పింగ్ సంస్థ ఎంఎస్‌సీ. కెప్టెన్ రష్యన్. సిబ్బందిలో 20 మంది ఫిలిప్పీన్స్ వాళ్లు, ఇద్దరు ఉక్రెయిన్ వాళ్లు, ఒకరు జార్జియా వారు. ఓడ వెనకాల ఎగిరిన జెండా మాత్రం పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియాది. లైబీరియా పౌరుడు ఒక్కడూ అందులో లేడు. అయినా అంతర్జాతీయ చట్టం దృష్టిలో అది లైబీరియా ఓడే. దాని లోపల జరిగే వ్యవహారాలకు వర్తించేది లైబీరియా చట్టమే.

ఓడ యజమానికీ జెండా దేశానికీ ఇలా పొంతన లేకపోవడాన్నే షిప్పింగ్ వాళ్లు ఫ్లాగ్ ఆఫ్ కన్వీనియన్స్ అంటారు. పొట్టిగా ఎఫ్‌ఓసీ. ఆ పేరులో తిట్టు ధ్వని ఉంది కాబట్టి ఓడలను నమోదు చేసే రిజిస్ట్రీలు నడిపేవాళ్లు ‘ఓపెన్ రిజిస్ట్రీ’ అనే మాటే వాడతారు. ప్రపంచ వాణిజ్య నౌకల మోత సామర్థ్యంలో దాదాపు 45 శాతం లైబీరియా, పనామా, మార్షల్ దీవులు అనే మూడు జెండాల కిందే ఉంది. అంటే ఇది చాటుమాటు వ్యవహారం కాదు, షిప్పింగ్‌లో మామూలు పద్ధతే ఇది.

మనవాళ్లకు ఇలాంటిది కొత్త కాదు. హైదరాబాద్ నుంచి బెంగళూరుకు తిరిగే ప్రైవేటు బస్సు మీద నాగాలాండ్ నంబరో అరుణాచల్ నంబరో కనిపించడం మామూలే. అయితే ఆ పోలిక కొంతదూరమే నడుస్తుంది. ఎక్కడ రిజిస్టరైనా బస్సుకు వర్తించేది భారత చట్టమే, దాన్ని ఆపేది మన పోలీసులే. ఓడ జెండా మారితే దేశమే మారుతుంది. కార్మిక చట్టం, పన్ను చట్టం, నేర విచారణ అధికారం అన్నీ దాంతోపాటే పోతాయి.

ఈ వ్యాపారం పుట్టింది అమెరికాలో. 1922లో అక్కడ మద్యనిషేధం నడుస్తోంది. అమెరికా జెండా ఉన్న ఓడలో సముద్రం మధ్యలో కూడా మందు పోయకూడదన్నారు. రిలయన్స్, రిజల్యూట్ అనే రెండు ప్రయాణికుల ఓడల యజమానులు వాటిని పనామా జెండా కిందికి మార్చేశారు. తర్వాత 1948లో అమెరికా మాజీ విదేశాంగ మంత్రి ఎడ్వర్డ్ స్టెటినియస్ చొరవతో లైబీరియా రిజిస్ట్రీ మొదలైంది. 1949లో అందులో చేరిన మొదటి ఓడ గ్రీకు వ్యాపారి స్టావ్రోస్ నియార్కోస్‌ది. పేరు వరల్డ్ పీస్.

లైబీరియా రిజిస్ట్రీని లైబీరియా ప్రభుత్వం నేరుగా నడపదు. ఒప్పందం మీద ఒక అమెరికన్ కంపెనీ నడుపుతుంది. దాని ప్రధాన కార్యాలయం వాషింగ్టన్ పక్కన వర్జీనియాలో ఉంది. ఓడ యజమాని కట్టే ఫీజుల్లోంచి లైబీరియా ఖజానాకు వాటా వెళ్తుంది. ఈ ఏర్పాటు ఎంత విడిగా నిలబడగలదో 1989లో మొదలైన అంతర్యుద్ధంలో తేలింది. రాజధాని మన్రోవియాలో ప్రభుత్వమే కూలిపోయింది, వీధుల్లో కాల్పులు. వర్జీనియాలో మాత్రం ఓడల రిజిస్ట్రేషన్ ఏ ఇబ్బందీ లేకుండా సాగింది. అప్పట్లో ఆ రిజిస్ట్రీని నడిపిన కంపెనీయే ముందుజాగ్రత్తగా మార్షల్ దీవుల పేరుతో ఇంకో రిజిస్ట్రీ తెరిచింది. ఇప్పుడు అది లైబీరియాకు గట్టి పోటీ.

ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టంలోని 91వ అధికరణం ప్రకారం ఓడకూ, అది ఎగరేసే జెండా దేశానికీ మధ్య ‘నిజమైన సంబంధం’ ఉండాలి. ఆ సంబంధం అంటే ఏమిటో మాత్రం చట్టం చెప్పలేదు. ఆ ఖాళీని పూరించడానికి 1986లో ఒక ఒప్పందం రాశారు. చాలినన్ని దేశాలు చేరకపోవడంతో అది ఇప్పటికీ అమల్లోకి రాలేదు. 1999లో సైగా అనే ఓడ కేసులో అంతర్జాతీయ సముద్ర చట్ట ట్రిబ్యునల్ దగ్గరికి ఇదే ప్రశ్న వచ్చింది. జెండా దేశం తన బాధ్యతలు సరిగా నిర్వర్తించాలన్నదే ఆ నిబంధన ఉద్దేశమనీ, సంబంధం లేదంటూ ఇంకో దేశం రిజిస్ట్రేషన్‌నే కాదనడానికి అది ఆధారం కాదనీ ట్రిబ్యునల్ తేల్చింది. ఆచరణలో దానర్థం, ఏ దేశమైనా తన షరతుల మీద ఏ ఓడకైనా జెండా ఇవ్వొచ్చు. తన తీరం అంటూ లేని మంగోలియా కూడా ఇస్తోంది.

రిజిస్ట్రేషన్ ఎలా జరుగుతుందో చూడటానికి ఒక మామూలు లావాదేవీ తీసుకుందాం. గ్రీసులోని ఒక కుటుంబ సంస్థ జపాన్ యజమాని దగ్గర పదేళ్ల వయసున్న బొగ్గు ఓడ కొంటోంది. అప్పు ఇస్తున్నది లండన్ బ్యాంకు. ఓడ ప్రస్తుతం సింగపూర్ బయట లంగరేసి ఉంది. జెండా లైబీరియాది కావాలి.

మొదట ఆ ఒక్క ఓడ కోసమే లైబీరియాలో ఒక కంపెనీ పుట్టిస్తారు. లైబీరియా చట్టం ప్రకారం ఓడ యజమాని లైబీరియా వ్యక్తి గానీ సంస్థ గానీ అయి ఉండాలి. కంపెనీ పెట్టడం ఒక్కరోజు పని కాబట్టి ఆ షరతు అడ్డు కాదు. డైరెక్టర్లూ వాటాదార్లూ ఏ దేశం వాళ్లయినా ఫర్వాలేదు. కంపెనీ చిరునామా దాదాపు ఎప్పుడూ ఒకటే: 80, బ్రాడ్ స్ట్రీట్, మన్రోవియా. వేల కంపెనీలు ఆ ఒక్క చిరునామా మీదే ఉన్నాయి. మార్షల్ దీవుల కంపెనీలకైతే అది మజురోలోని అజెల్టేక్ రోడ్డు.

తర్వాత కాగితాలు. కొన్నట్టు బిల్ ఆఫ్ సేల్, ఓడ మీద పాత అప్పులు లేవని పాత జెండా దేశం ఇచ్చే ధ్రువీకరణ, అక్కడి రిజిస్టర్ నుంచి పేరు తీసేస్తామన్న హామీ, కాలుష్యం జరిగితే నష్టపరిహారం కడతామని బీమా సంస్థ ఇచ్చే పత్రం. వీటన్నిటికన్నా ముఖ్యమైంది క్లాస్ సర్టిఫికెట్. ఓడ నిర్మాణం, ఇంజను, భద్రత సామగ్రి ప్రమాణాలకు తగ్గట్టు ఉన్నాయని క్లాస్ సొసైటీ అనే తనిఖీ సంస్థ ఇచ్చేది. లాయిడ్స్ రిజిస్టర్, డీఎన్‌వీ, మన దేశానికి చెందిన ఇండియన్ రిజిస్టర్ ఆఫ్ షిప్పింగ్ లాంటివి ఈ పని చేస్తాయి. ఓడ వయసు 20 ఏళ్లు దాటితే లైబీరియా ప్రత్యేక అనుమతి అడుగుతుంది. మన ఉదాహరణలో ఆ అవసరం లేదు.

చేతులు మారే రోజున అందరూ ఒక గదిలో కూర్చుంటారు. ఇప్పుడది ఎక్కువగా వీడియో కాల్. కొన్నవాడి లాయరు, అమ్మినవాడి లాయరు, బ్యాంకు మనిషి, రిజిస్ట్రీ ప్రతినిధి. ఓడ అప్పగించినట్టు పత్రం మీద గంట, నిమిషంతో సహా రాసి సంతకాలు చేస్తారు. ఆ క్షణంలోనే రిజిస్ట్రీ తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తుంది, బ్యాంకు తనఖాను నమోదు చేస్తుంది. తనఖా నమోదైందన్న మాట వినగానే బ్యాంకు డబ్బు వదులుతుంది. అదే సమయంలో సింగపూర్ బయట ఉన్న ఓడ వెనకాల పాత పోర్టు పేరు చెరిపి మన్రోవియా అని రాస్తారు. రేడియో గుర్తింపు సంఖ్య లైబీరియాకు కేటాయించిన 636తోనో 637తోనో మొదలయ్యేలా మారుతుంది. పాత రిజిస్టర్ నుంచి పేరు కొట్టేసిన కాగితం వచ్చాక శాశ్వత సర్టిఫికెట్ ఇస్తారు. ఈ మొత్తంలో ఓడ లైబీరియా వెళ్లలేదు, బహుశా ఎప్పటికీ వెళ్లదు.

ఇంత చేయడానికి కారణం ఏమిటంటే ఎక్కువమంది చెప్పేది పన్ను. అందులో నిజం లేకపోలేదు. ఓపెన్ రిజిస్ట్రీలో లాభం మీద పన్ను ఉండదు, ఓడ పరిమాణాన్ని బట్టి ఏటా ఇంత అని టన్నేజ్ ట్యాక్స్ కడితే సరి. ఓడ నష్టాల్లో నడిచినా అంతే, కోట్లు సంపాదించినా అంతే. కానీ ఇదొక్కటే కారణమైతే ఈపాటికి ఎఫ్‌ఓసీలు ఖాళీ అయి ఉండాలి. ఎందుకంటే గ్రీసు, బ్రిటన్, నెదర్లాండ్స్ లాంటి దేశాలు తమ ఓడలు పోకుండా అదే తరహా టన్నేజ్ ట్యాక్స్ తెచ్చేశాయి. భారత్ కూడా 2004లో తెచ్చింది. అయినా ఓడలు వెనక్కి రాలేదు. కాబట్టి అసలు బరువు వేరేచోట ఉంది.

అందులో మొదటిది సిబ్బంది. చాలా దేశాలు తమ జెండా ఓడలో కెప్టెన్, ఆఫీసర్లు, కొన్నిచోట్ల మొత్తం సిబ్బంది తమ పౌరులే ఉండాలంటాయి. అమెరికా జెండా ఓడలో అమెరికన్ నావికుల జీతాలు, వాళ్ల యూనియన్ ఒప్పందాలు తప్పవు. లైబీరియాకు ఆ పట్టింపు లేదు. అంతర్జాతీయ అర్హత పత్రం ఉంటే ఏ దేశం వాడైనా సరే. ఓడ నడిపే రోజువారీ ఖర్చులో సిబ్బందిది పెద్ద వాటా. ఇంధనం ధర, పోర్టు ఛార్జీలు ఏ జెండాకైనా ఒకటే. యజమాని చేతిలో ఉండి తగ్గించగలిగిన ఖర్చు అదే. 1963లో అమెరికా సుప్రీంకోర్టు దీన్ని ఇంకా గట్టి చేసింది. అమెరికన్ కంపెనీకి చెందిన హోండురాస్ జెండా ఓడల్లోని విదేశీ సిబ్బందికి అమెరికా కార్మిక సంబంధాల చట్టం వర్తించదని తీర్పిచ్చింది. యజమాని ఎవరన్నది కాదు, జెండా ఏదన్నదే లెక్క అయింది.

రెండోది బ్యాంకు. ఇది బయటివాళ్లకు పెద్దగా కనిపించదు గానీ, ఓడ కొనేటప్పుడు జెండాను చాలాసార్లు నిర్ణయించేది అప్పు ఇచ్చేవాడే. అప్పు తీరకపోతే ఓడను ప్రపంచంలో ఏ పోర్టులోనైనా పట్టుకుని అమ్ముకోగలగాలి, మిగతా చాలామంది అప్పులవాళ్ల కంటే ముందు తన డబ్బు రావాలి. లైబీరియా సముద్ర చట్టాన్ని అమెరికా చట్టం నమూనాలో రాశారు. దశాబ్దాల కోర్టు తీర్పులు ఉన్నాయి, లాయర్లందరికీ దాని తీరు తెలుసు. అర్ధరాత్రి అయినా, ఆదివారమైనా తనఖా నమోదు చేసే ఆఫీసు ఏదో ఒక నగరంలో తెరిచి ఉంటుంది. ఈ సేవ విషయంలో చాలా దేశాల సొంత రిజిస్ట్రీలు వెనకబడే ఉన్నాయి.

మూడోది ఆ ఒక్క ఓడ కంపెనీ. ఇది జెండాతో నేరుగా రాదు, జెండాతో కలిపి అమ్ముడుపోతుంది. యాభై ఓడలుంటే యాభై కంపెనీలు. ఒక ఓడ ప్రమాదానికి గురైతే బాధితులు అడగగలిగేది ఆ ఒక్క కంపెనీనే. దాని ఆస్తి ఆ ఒక్క ఓడే. అది మునిగితే ఆస్తి కూడా మునిగినట్టే, మిగిలేది బీమా. ఆ బీమాకూ పరిమితి ఉంది. అంతర్జాతీయ ఒప్పందాలు యజమాని బాధ్యతను ఓడ పరిమాణాన్ని బట్టి ఒక అంకె దగ్గర ఆపేస్తాయి. నష్టం ఎంత జరిగిందన్న దానితో ఆ అంకెకు సంబంధం లేదు.

ఎల్సా 3 కేసు సరిగ్గా ఈ గోడకే తగిలింది. కేరళ ప్రభుత్వం రూ.9,531 కోట్ల పరిహారం కోరుతూ హైకోర్టుకు వెళ్లింది. మునిగిన ఓడను జప్తు చేసి లాభం లేదు. అందుకే విళింజంలో ఉన్న ఎంఎస్‌సీ అకిటెటా 2 అనే మరో ఓడను అరెస్టు చేయమని అడిగింది. 2017 నాటి మన అడ్మిరాల్టీ చట్టం ప్రకారం, బాకీ ఉన్న యజమానికే చెందిన ఇంకో ఓడను కూడా పట్టుకోవచ్చు. జులైలో కోర్టు అరెస్టుకు ఆదేశించింది. రెండు ఓడల యజమాని ఒకరు కాదు, అవి వేర్వేరు కంపెనీలవి అన్నది అవతలి వైపు వాదన. రెండు ఓడల పేర్ల ముందూ ఒకే సంస్థ పేరుంది, రెండూ ఒకే సంస్థ సర్వీసులో తిరుగుతాయి, కాగితం మీద మాత్రం వేరు. సెప్టెంబరులో హైకోర్టు రూ.1,227 కోట్లకు పైగా సెక్యూరిటీ కడితేనే ఓడను వదలాలంది. ఇది తుది పరిహారం కాదు, కేసు తేలేదాకా పెట్టాల్సిన హామీ మాత్రమే. ఆ రెండో ఓడ మన పోర్టుకు రావడం వల్లే కేరళకు ఆ హామీ దొరికింది. రాకపోయి ఉంటే విదేశాల్లో బీమా సంస్థల చుట్టూ తిరగాల్సి వచ్చేది.

ఇక్కడో అపోహ సరిచేయాలి. ఎఫ్‌ఓసీ అంటే తుక్కు ఓడ అని కాదు. పోర్టుకొచ్చిన విదేశీ ఓడలను ఆ పోర్టు దేశం తనిఖీ చేసే పద్ధతి ఒకటుంది. 1978లో లైబీరియా జెండాతో ఉన్న అమొకో కాడిజ్ ట్యాంకరు ఫ్రాన్సు తీరంలో బద్దలైన తర్వాత, 1982లో యూరప్ దేశాలు పారిస్ ఒప్పందం చేసుకుని దీన్ని ఉమ్మడిగా నడపడం మొదలుపెట్టాయి. తనిఖీల్లో ఎన్ని ఓడలను ఆపేశారో లెక్కగట్టి జెండాలను తెలుపు, బూడిద, నలుపు జాబితాల్లో వేస్తారు. నలుపు జెండా ఓడను తరచూ తనిఖీ చేస్తారు, ఆలస్యమవుతుంది, సరుకు ఇచ్చేవాళ్లు వెనకాడతారు. అందుకే లైబీరియా, మార్షల్ దీవులు తమ పేరు తెలుపులో ఉండేలా గట్టిగా చూసుకుంటాయి. ఎన్నో దేశాల సొంత జెండాల కంటే వీటి రికార్డు మెరుగు. లోపం ఇంకోచోట ఉంది. జెండా దేశం తరఫున భద్రతా తనిఖీలు చేసేది చాలావరకు క్లాస్ సొసైటీయే. దానికి ఫీజు కట్టేది ఓడ యజమాని. ఒక సొసైటీ మరీ పట్టుదలగా ఉంటే యజమాని ఇంకో సొసైటీకి, ఒక జెండా బిగిస్తే ఇంకో జెండాకు మారిపోగలడు.

ఆ మారే దారిలో కింది మెట్లు చాలా ఉన్నాయి. ఆఖరి మెట్టు మీద జెండా ఇచ్చిన దేశానికి ఓడ ఎక్కడుందో కూడా తెలియదు. 2024 డిసెంబరులో ఈగల్ ఎస్ అనే కుక్ ఐలాండ్స్ జెండా ట్యాంకరు ఫిన్లాండ్, ఎస్తోనియా మధ్య సముద్రం అడుగున ఉన్న విద్యుత్ కేబుల్‌ను లంగరుతో తెంపిందని కేసు పెట్టారు. మరుసటి ఏడాది అక్టోబరులో హెల్సింకి కోర్టు ఆ కేసు కొట్టేసింది. సంఘటన ఫిన్లాండ్ ప్రాదేశిక జలాల బయట జరిగింది కాబట్టి విచారించే అధికారం జెండా దేశానికో, నిందితుల సొంత దేశాలకో ఉంటుంది గానీ తమకు లేదంది. ఎక్కడో పసిఫిక్ మహాసముద్రంలో ఉన్న చిన్న ద్వీపదేశం బాల్టిక్ సముద్రంలో కేబుల్ తెగిన సంగతి విచారించాలన్నమాట.

విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి ఓడ ఉద్యోగాలకు వెళ్లే తెలుగు కుర్రాళ్లకు ఈ మెట్ల తేడా తెలిసి ఉండటం అవసరం. మనవాళ్లలో ఎక్కువమంది సైన్ ఆన్ అయ్యేది విదేశీ జెండా ఓడల్లోనే. మంచి కంపెనీ అయితే లైబీరియా జెండా ఓడలో జీతం, సౌకర్యాలు ఏమాత్రం తక్కువ ఉండవు. సముద్ర కార్మికుల హక్కుల ఒప్పందం ఎంఎల్‌సీని 2006లో అందరికంటే ముందు ఆమోదించింది లైబీరియానే. చూడాల్సింది జెండా పేరు ఒక్కటే కాదు. ఓడ గుర్తింపు సంఖ్య అయిన ఐఎంఓ నంబరు అడిగి తీసుకుని ఈక్వాసిస్ అనే ఉచిత వెబ్‌సైట్‌లో కొడితే ఓడ వయసు, జెండా ఎన్నిసార్లు మారింది, క్లాస్ ఎవరిది, బీమా ఎవరిది, ఏ పోర్టుల్లో ఆపేశారు అన్నీ కనిపిస్తాయి. రెండు మూడేళ్లలో జెండా రెండు మూడుసార్లు మారి, క్లాస్ చోట ఎప్పుడూ వినని పేరుండి, బీమా గడి ఖాళీగా ఉంటే ఏజెంటు ఎంత తీయగా మాట్లాడినా ఆ ఓడ ఎక్కకపోవడమే మేలు. ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ నౌకాయాన విభాగం డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్ అనే నియామక లైసెన్సు ఉందో లేదో కూడా చూడాలి. లైసెన్సు లేనివాడి ద్వారా వెళ్తే రేపు కష్టమొచ్చినప్పుడు ఇక్కడ పట్టుకోవడానికి మనిషి దొరకడు.

ఆ కష్టం ఎలా ఉంటుందో రోసస్ ఓడ చూపించింది. దాని జెండా మాల్దోవాది. 2013 నవంబరులో 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్‌తో బీరూట్ చేరింది. తనిఖీలో ఆపేశారు, యజమాని వదిలేశాడు. కెప్టెన్, మరో ముగ్గురు దాదాపు పది నెలలు జీతం లేకుండా ఆ ఓడలోనే చిక్కుకుపోయారు. దించేసిన సరుకు పోర్టు గోదాములో ఉండిపోయి, 2020 ఆగస్టు 4న పేలి నగరంలో చాలా భాగాన్ని దెబ్బతీసింది. ఇలా వదిలేసిన సిబ్బంది కోసమే ఎంఎల్‌సీకి ఒక సవరణ తెచ్చారు. 2017 జనవరి నుంచి ఎంఎల్‌సీ వర్తించే ప్రతి ఓడకూ దీనికి బీమా ఉండాలి, ఆ సర్టిఫికెట్‌ను ఓడలో అందరికీ కనిపించేలా అతికించాలి. రెండు నెలల జీతం రాకపోతే వదిలేసినట్టే లెక్క, బీమా సంస్థ తిండి, నీళ్లు, ఇంటికి టికెట్‌తోపాటు బాకీ జీతం కూడా ఇవ్వాలి. ఆ జీతం గరిష్ఠంగా నాలుగు నెలలదే. ఐదో నెల నుంచి రావాల్సిన బాకీకి కోర్టుకెళ్లి ఓడను వేలం వేయించుకోవడం తప్ప వేరే దారి లేదు, అదీ వేలంలో కొనేవాడుంటే.